సోమ–గురు 40 శాతం తగ్గింపు అని ఫేస్‌బుక్‌లో పెడుతున్నాం, తప్పులుంటే చెప్పండి (బరంపురం కల్యాణ మండపం)

మండపం_పనులు:
అందరికీ నమస్కారం. బరంపురంలో మా మావయ్యగారి కల్యాణ మండపం ఫేస్‌బుక్ పేజీ నేను చూస్తాను. హాల్లో 500 మంది కూర్చోవచ్చు. పక్కన భోజనశాల, పైన ఆరు గదులు ఉన్నాయి. అద్దె 80,000. ఆదివారాలు నిండుతున్నాయి, మధ్య రోజులు ఖాళీగా పోతున్నాయి. రేపు పెడదామనుకున్న పోస్టు ఇది:

"శుభవార్త! మన కుటుంబాలకు ప్రత్యేక కానుక. సోమవారం నుంచి గురువారం వరకు బుకింగులపై 40 శాతం తగ్గింపు. అద్దె కేవలం 48,000 మాత్రమే. త్వరపడండి. షరతులు వర్తిస్తాయి."

ఒడియాలో కూడా ఇదే పెడతాం. ఏమైనా మార్చాలా?

గోపాల్‌పూర్_గాలి:
బొమ్మ బాగుండాలి. దీపాలు వెలిగిన రాత్రి ఫోటో పెట్టండి, పగటి ఫోటోలో హాలు గోడౌనులా కనబడుతుంది.

లెక్కల_మాస్టారు:
ఫోటో తరవాత చూద్దాం. బాబూ, మీ మధ్య రోజులు అన్నీ ఖాళీగా పోతున్నాయా, కొన్నేనా? కిందటేడాది రిజిస్టరు తీసి, సోమ నుంచి గురు దాకా పూర్తి అద్దెకి పోయిన రోజులెన్నో చూసి చెప్పండి.

మండపం_పనులు:
చూశాను మాస్టారూ. మొత్తం పద్నాలుగు. అందులో పదకొండు బుధ, గురువారాలే. సోమవారాలు మూడు, మంగళవారం ఒక్కటీ లేదు.

లెక్కల_మాస్టారు:
అదే నేననుకున్నది. మంగళవారం మనవాళ్ళు పెళ్ళి పెట్టరు. బుధ, గురువారాల్లో ముహూర్తం కుదిరితే ఆఫీసుందా, బడి ఉందా అని చూడకుండా పెట్టేస్తారు. ఆ పదకొండూ ముహూర్తం లాక్కొచ్చిన బుకింగులు. మీ తగ్గింపు లేకపోయినా వచ్చేవే.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక ఫంక్షనుకి మీకు చేతి నుంచి అయ్యే ఖర్చెంత? తుడిచేవాళ్ళు, వాచ్‌మన్లు, కరెంటు, నీళ్ళ ట్యాంకరు, చెత్త బండి, జనరేటరు డీజిలు అన్నీ కలిపి. మీరు చెప్పేదాకా 19,000 అనుకుందాం. 48,000కి ఇస్తే మిగిలేది 29,000. ఖాళీగా పోయే రోజుకి అది లాభమే, కాదనను. కానీ ఎలాగూ 80,000కి పోయే బుధవారాన్ని 48,000కి ఇస్తే పోయేది 32,000. అంటే ఒక మంచి రోజు వదులుకుంటే, కొత్తగా వచ్చిన ఒక బుకింగు దాన్ని పూడ్చలేదు. అలాంటివి అయిదు వదులుకుంటే 1,60,000 పోయినట్టు. అది తిరిగి రావాలంటే కొత్తవి ఆరు రావాలి. ఆ ఆరూ వచ్చాక మిగిలేది 14,000. ఇంత హడావిడీ దానికేనా?

మండపం_పనులు:
ఖర్చు మీరన్న దగ్గరే ఉంది, ఓ వెయ్యి అటూ ఇటూ. అయితే "ముహూర్తం రోజులకు వర్తించదు" అని రాసేస్తే సరిపోతుందా?

పర్లాకిమిడి_కోడలు:
అలా రాస్తే నవ్వుతారండీ. ముహూర్తం లేని రోజున పెళ్ళెవరు చేస్తారు? కింద మొదటి కామెంటే "మరి తగ్గింపు ఎవరికి, దోమలకా?" అని వస్తుంది.

రాయగడ_రాజు:
నాకు బుధవారం హాలు కావాలి. 250 మంది. డీలర్ల మీటింగు, ప్రొజెక్టరు ఉందా? నంబరు ఇవ్వండి.

మండపం_పనులు:
రాజుగారూ, ఇది ఇంకా ముసాయిదాయే. పైగా "కుటుంబాలకు" అని రాశాం కదా.

రాయగడ_రాజు:
మేమూ కుటుంబాలున్నవాళ్ళమే.

లెక్కల_మాస్టారు:
ఆయన వేళాకోళానికి అన్నా అందులో విషయం ఉంది. "కుటుంబాలకు" అంటే ఏ ఫంక్షన్లో రాయకపోతే కౌంటర్లో రోజూ ఇదే వాదన. ఏవేవి ఒప్పుకుంటారో పేర్లు పెట్టి రాయండి. అసలు మధ్య రోజుల్లో మీకొచ్చే గిరాకీ పెళ్ళి కాదు. ముహూర్తంతో పని లేనివీ, రోజులు లెక్కపెట్టి చేసేవీ. పుట్టిన ఇరవై ఒకటో రోజు బారసాల ఏ వారం పడితే ఆ వారమే. ఒడియావాళ్ళ ఎకోయిశియా కూడా అంతే, ఇరవై ఒకటో రోజే. మంగళవారం పడినా చేసేవాళ్ళుంటారు. ఆ తరవాత రిసెప్షన్లు, పుట్టినరోజులు, రిటైర్మెంటు విందులు, షష్టిపూర్తి భోజనాలు. వీటికి పూట చాలు, రోజంతా అక్కర్లేదు. మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11 దాకా ఒక పూట, రెండు గదులు, ఇంత అని పెట్టండి. అప్పుడు పెళ్ళి అద్దెని కోసినట్టు కాదు, వేరే సరుకు అమ్మినట్టు. 80,000 రేటు ముట్టుకోకుండా నిలబడుతుంది.

పర్లాకిమిడి_కోడలు:
మాస్టారూ, ఎకోయిశియా జనానికి సాయంత్రం పూట కుదరదు. పొద్దున పూజ, పేరు పెట్టడం, మధ్యాహ్నం భోజనం అని సాగుతుంది. ఉదయం 8 నుంచి సాయంత్రం 4 అని ఇంకో పూట కూడా ఉండాలి.

లెక్కల_మాస్టారు:
నిజమే తల్లీ, అది నేను వదిలేశాను. కానీ ఒకే రోజు రెండు పూటలూ ఇద్దరికి అమ్మకండి. 4కి ఖాళీ చేయమంటే 5 అవుతుంది, సాయంత్రంవాళ్ళ డెకరేషను మనిషి 3కే గేటు దగ్గర ఉంటాడు.

ఘడియవిఘడియ:
పెళ్ళిళ్ళు కూడా కొన్ని వస్తాయి, వాటి సంగతి చెబుతాను. "సోమవారం నుంచి గురువారం" అన్నారు. సోమవారం ఎప్పుడు మొదలవుతుందండీ? మన పంచాంగానికి సూర్యోదయంతో, ఇంగ్లీషు తేదీకి అర్ధరాత్రితో. పెళ్ళి ముహూర్తం రాత్రి 2:20కి ఉంటే శుభలేఖలో "ఆదివారం రాత్రి తెల్లవారితే సోమవారం" అని వేస్తారు. ఆ శుభలేఖ పట్టుకుని వచ్చి "తేదీ సోమవారం కదా, తగ్గింపు ఇవ్వండి" అంటారు. హాలేమో ఆదివారం మధ్యాహ్నం నుంచి వాళ్ళ చేతిలోనే ఉంటుంది. గురువారం రాత్రి 1:40 ముహూర్తంవాళ్ళకి అదే తిరగబడుతుంది. మీ గుమస్తా "శుక్రవారం తేదీ" అంటాడు, వాళ్ళు "గురువారం రాత్రే కదా" అంటారు. రెండూ పంచాంగం ప్రకారం పోతే తేలిపోతాయి. పంచాంగంలో వారం ఏదో అదే రాయండి.

మండపం_పనులు:
దీని మీద ఇంతకుముందే ఒక గొడవ అయింది. పంచాంగం ప్రకారం అని రాసేయనా?

లెక్కల_మాస్టారు:
ఘడియవిఘడియగారు చెప్పింది రాత్రి ముహూర్తానికి సరిపోతుంది, పగటి ముహూర్తానికి సరిపోదు. సోమవారం ఉదయం 10:40 ముహూర్తం తీసుకోండి. పంచాంగానికీ సోమవారమే, తేదీకీ సోమవారమే. కానీ సరుకులు దించాలి, మండపం కట్టాలి, పెళ్ళికొడుకువాళ్ళు విడిదికి దిగాలి. ఆదివారం సాయంత్రం 4కి తాళాలు ఇవ్వకపోతే పని జరగదు. అంటే సోమవారం తగ్గింపు పేరుతో మీ ఆదివారం రాత్రి పోయింది. 80,000 వచ్చే రాత్రి 48,000లో కలిసిపోయింది.

వారం పేరుతో ధర కట్టడం మానేయండి. తాళాలు తీసుకునే గంటతో కట్టండి. రాత్రి పెళ్ళికి మధ్యాహ్నం 12కి తాళాలు, మర్నాడు ఉదయం 10కి అప్పగింత. పగటి పెళ్ళికి ముందు రోజు సాయంత్రం 4కి తాళాలు, పెళ్ళి రోజు సాయంత్రం 4కి అప్పగింత. తాళాలు సోమ, మంగళ, బుధవారాల్లో తీసుకుంటే తగ్గింపు ధర. శుభలేఖలో ఏ వారం వేసుకున్నా మీకు పట్టింపు లేదు.

ఘడియవిఘడియ:
గురువారం ఎందుకు తీసేశారు?

లెక్కల_మాస్టారు:
గురువారం సాయంత్రం తాళాలిస్తే పెళ్ళి శుక్రవారం పగలు. శుక్రవారాలు ఆయనకి నిండుతున్నాయో లేదో ఆయనే చెప్పాలి.

మండపం_పనులు:
శుక్రవారాలు సగం నిండుతాయి. గురువారం తీసేస్తాను.

వంటశాల_వెంకన్న:
ఉదయం 10కి అప్పగింత అంటే ముహూర్తం గంట చూసుకోండి బాబూ. 2:20 ముహూర్తమైతే తలంబ్రాలు, అరుంధతి అన్నీ అయ్యేసరికి 4 దాటుతుంది. తెల్లారి టిఫిను పెట్టి, అప్పగింతలయ్యి, పాత్రలు కడిగి లారీకెక్కించేసరికి 9. అది సరిపోద్ది. అదే 4:50 ముహూర్తమైతే 10కి వంటవాళ్ళు ఇంకా ఇడ్లీలు దించుతా ఉంటారు. ఆలస్యానికి గంటకి ఇంత అని ముందే రాయాల. లేదంటే తగ్గింపులో ఇచ్చింది జరిమానాగా లాక్కుంటన్నారని పేరొస్తది.

ఇంకో మాట. మధ్య రోజున మధ్యాహ్నం భోజనానికి జనం తక్కువొస్తారు, రాత్రికి మామూలే. ఆదివారం లెక్కన మధ్యాహ్నానికి 400 ప్లేట్లు చెప్పేస్తారు, సాంబారు మిగిలిపోద్ది. మీ హాల్లో మీ క్యాటరరే వండాలని రూలుందా? కనీసం 300 ప్లేట్లు అని కట్టడి ఉందా?

మండపం_పనులు:
బయట వంటవాళ్ళని తెచ్చుకోవచ్చు. మా క్యాటరరుని పెట్టుకుంటే మాత్రం కనీసం 300.

వంటశాల_వెంకన్న:
మధ్య రోజులకి దాన్ని 150 చెయ్యండి. బారసాలకి 300 మంది ఎక్కడి నుంచి వస్తారు? అద్దెలో తగ్గించింది ప్లేట్లలో రాబట్టుకుంటున్నారని జనానికి లెక్క తెలుసు.

ఛత్రపురం_పన్నులు:
48,000 "మాత్రమే" అని రాశారు. జీఎస్టీ కలిపా, కాకుండానా?

గోపాల్‌పూర్_గాలి:
ఫంక్షన్లకి 5 శాతమే కదా, 2,400. దానికేముంది.

ఛత్రపురం_పన్నులు:
5 శాతం హాలూ భోజనాలూ కలిపి ఒకరే ఇచ్చినప్పుడు. పెద్ద స్టార్ హోటళ్ళ లెక్క వేరు. హాలు ఒక్కటే అద్దెకిస్తే 18 శాతం. అంటే 48,000 మీద 8,640, మొత్తం 56,640. పోస్టు చూసి 48,000 పట్టుకొచ్చిన తండ్రికి కౌంటర్లో 56,640 చెబితే ఆ ఇంటి నుంచి ఇంకో పెళ్ళి మీకు రాదు. ఆ పన్ను వాళ్ళు ఎక్కడా వెనక్కి తీసుకోలేరు, కాబట్టి వాళ్ళకి 56,640 అసలు ధర. అదే అంకె పెద్దక్షరాల్లో వెయ్యండి.

తగ్గింపు బిల్లు మీదే చూపిస్తే పన్ను తగ్గిన ధర మీదే పడుతుంది. 80,000కి కట్టి తరవాత చేతికి 32,000 తిరిగి ఇస్తామనే పద్ధతి పెట్టుకోకండి. అడ్వాన్సు తీసుకున్న నెల లెక్కలోనే దాని మీద పన్ను కట్టాలి, పెళ్ళి అయ్యాక కాదు. చాలా హాళ్ళు ఇక్కడే జారతాయి.

గోపాల్‌పూర్_గాలి:
రిజిస్ట్రేషనే లేకపోతే?

ఛత్రపురం_పన్నులు:
ఏడాది మొత్తం రాబడి 20 లక్షలు దాటకపోతే అక్కర్లేదు. అప్పుడు జీఎస్టీ పేరుతో పైసా వసూలు చేయకూడదు కూడా. కానీ 80,000 చొప్పున పాతిక బుకింగులకే 20 లక్షలు. వీళ్ళు ఎప్పుడో దాటి ఉంటారు.

మండపం_పనులు:
రిజిస్ట్రేషను ఉంది. 56,640 అనే వేస్తాను. జనరేటరు డీజిలు వేరుగా తీసుకుంటాం, అది రాయాలా?

ఛత్రపురం_పన్నులు:
రాయకపోతే అదే పెద్ద కామెంటు అవుతుంది.

లెక్కల_మాస్టారు:
మీది ఎంత జనరేటరు? 62.5 కేవీఏ అయితే సగం లోడు మీద గంటకి ఏడెనిమిది లీటర్లు తాగుతుంది. "మొదటి రెండు గంటలు అద్దెలోనే, ఆ పైన గంటకి ఇంత" అని ఒక అంకె పెట్టండి. "వాడినంత" అని రాస్తే మీటరు ఎవరు చూశారని తెల్లారి గొడవ. జనరేటరు మీద గంటల మీటరు ఉంటుంది. తాళాలిచ్చేటప్పుడు ఒక ఫోటో, తీసుకునేటప్పుడు ఒక ఫోటో, అంతే.

ఘడియవిఘడియ:
ఒడియాలో కూడా ఇదే పోస్టు అన్నారు. జాగ్రత్త. తెలుగులో చీరల కొట్లవాళ్ళలాగా మీరు కూడా "ఆషాఢం ఆఫర్" అని ఎప్పుడో పెడతారు. మనకి నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంజిలో చాంద్రమాసం పున్నమితో ముగుస్తుంది. మన జ్యేష్ఠ బహుళం వాళ్ళకి ఆషాఢ కృష్ణపక్షం. 2026నే చూడండి. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. అప్పుడు పెళ్ళిళ్ళు ఇరువైపులా ఉండవు. తరవాత నిజ జ్యేష్ఠం. జూన్ 30 నుంచి జూలై 14 దాకా మనకి జ్యేష్ఠ బహుళం, ముహూర్తాలు ఉండే పక్షం. ఒడియా చదువరికి మాత్రం అప్పటికే ఆషాఢం. ఆ పదిహేను రోజుల్లో ఎవరైనా "ఆషాఢం ఆఫర్" అడిగితే మీ దగ్గర జవాబుండదు. నెల పేర్లు వద్దు, ఇంగ్లీషు తేదీలు వెయ్యండి.

పర్లాకిమిడి_కోడలు:
దీనికి ఇంకో పక్క కూడా ఉంది. మనకి ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు, శ్రావణంలో ఉన్నాయి. ఒడియా ఇళ్ళల్లో చాతుర్మాస్యం మొదలయ్యాక పెట్టుకోరు, దానికి ముందు ఆషాఢంలో పెట్టుకుంటారు. అందుకని శ్రావణంలో ఊరి హాళ్ళకి తెలుగువాళ్ళే గిరాకీ. ఒడియావాళ్ళు పోటీకి లేరు కదా అని ఆ నెలలో బేరం ఆడతారు. అక్కడ తగ్గించాలో, నిలబడాలో మీరే చూసుకోవాలి.

లెక్కల_మాస్టారు:
నేనైతే నిలబడతాను. శ్రావణంలో ముహూర్తాలు కొన్నే, అవి వదులుకునే తెలుగు కుటుంబం ఉండదు.

పర్లాకిమిడి_కోడలు:
వదులుకోరు సరే, ఇచ్ఛాపురం హాలుకి పోతారు. పాతిక కిలోమీటర్లు.

మండపం_పనులు:
ఇంకొకటి. పూర్తి ధరకి ముందే బుక్ చేసుకున్న నాలుగు కుటుంబాలున్నాయి, బుధవారాలకి. పోస్టు చూసి వాళ్ళు అడిగితే?

గోపాల్‌పూర్_గాలి:
"పాత బుకింగులకు వర్తించదు" అని ఒక లైను కొట్టండి.

ఛత్రపురం_పన్నులు:
ఆ లైను ఉండాలి, కానీ అదొక్కటే సరిపోదు. వాళ్ళు అడ్వాన్సు వదులుకుని, అదే తేదీకి ఇంకొకరి పేరుతో మళ్ళీ బుక్ చేస్తే? మీ అడ్వాన్సు 10,000 అయితే, అది పోగొట్టుకున్నా వాళ్ళకి 22,000 లాభం, పన్ను కాక.

లెక్కల_మాస్టారు:
అందుకే పోస్టు పెట్టకముందే ఆ నలుగురికీ ఫోను చెయ్యండి. డబ్బు తిరిగి ఇవ్వక్కర్లేదు. రెండు గదులు అదనంగా, జనరేటరు నాలుగు గంటలు ఉచితం, ఇలా మీకు తక్కువ ఖర్చయ్యేది వాళ్ళకి ఇవ్వండి. పోస్టులో చూసి తెలుసుకోవడం వేరు, మీరు ముందే చెప్పడం వేరు.

పర్లాకిమిడి_కోడలు:
నేను ఒప్పుకోను. నాలుగు ఇళ్ళే కదా, సగం తగ్గింపు ఇచ్చేయండి. బరంపురం తెలుగు వీధుల్లో మాట ఎంతసేపట్లో తిరుగుతుందో మీకు తెలీదా?

లెక్కల_మాస్టారు:
నాలుగింటికి 64,000. ఇవ్వగలిగితే ఇవ్వండి. నేను వద్దనను, ఇవ్వమనీ చెప్పను.

గోపాల్‌పూర్_గాలి:
పోస్టు పెట్టాక తప్పు కనబడితే ఎడిట్ చేసుకోవచ్చులే.

ఛత్రపురం_పన్నులు:
ధర మాత్రం ఎడిట్ చేయకండి. ఎడిట్ హిస్టరీ నొక్కితే పాత మాట ఎవరికైనా కనబడుతుంది, ఈలోపు స్క్రీన్‌షాట్లు ఎలాగూ తిరుగుతాయి. మార్చాలంటే "ఫలానా తేదీ నుంచి కొత్త ధర" అని వేరే పోస్టు పెట్టి, పాతదాని కింద కామెంటులో ఆ సంగతి చెప్పండి. "ధర ఇన్‌బాక్స్‌లో చెబుతాం" అనే జవాబు కూడా వద్దు. ధర పైన రాసి పెట్టి కింద దాచితే మనిషి మనిషికో రేటు అనుకుంటారు. ముగింపు తేదీ కూడా వెయ్యండి, లేకపోతే రెండేళ్ళ తరవాత ఎవరో షేర్ చేసిన పోస్టు పట్టుకొస్తారు.

మండపం_పనులు:
అందరూ చెప్పింది కలిపి మళ్ళీ రాశాను:

"బారసాల, ఎకోయిశియా, రిసెప్షను, పుట్టినరోజు, షష్టిపూర్తి, రిటైర్మెంటు విందులకు: సోమవారం నుంచి గురువారం వరకు ఒక పూట (ఉదయం 8 – సాయంత్రం 4, లేదా మధ్యాహ్నం 3 – రాత్రి 11), రెండు గదులతో, జీఎస్టీ కలిపి మొత్తం 37,760.

పెళ్ళిళ్ళకు: ఈ పోస్టుకు జతచేసిన తేదీల పట్టికలో ఉన్న రోజుల్లో, తాళాలు సోమ, మంగళ, బుధవారాల్లో తీసుకునేవారికి, ఆరు గదులతో, జీఎస్టీ కలిపి మొత్తం 56,640. రాత్రి పెళ్ళికి మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు ఉదయం 10. పగటి పెళ్ళికి ముందు రోజు సాయంత్రం 4 నుంచి పెళ్ళి రోజు సాయంత్రం 4.

జనరేటరు రెండు గంటలు అద్దెలోనే. ఆ పైన, ఆలస్యానికి, గంట ధరలు పట్టిక కింద ఉన్నాయి. మీ వంటవారిని తెచ్చుకోవచ్చు. ఇంతకుముందు చేసుకున్న బుకింగులకు వర్తించదు."

పూట ధర 32,000, పన్ను 5,760.

లెక్కల_మాస్టారు:
పట్టిక అన్నారు, ఏ తేదీలు పెడుతున్నారు? కిందటేడాది ఖాళీగా పోయిన తేదీలు చూసి పెట్టకండి, ఈ ఏడాది ముహూర్తాలు వేరు. ఒక తెలుగు పంచాంగం, ఒక ఒడియా పంజి పక్కపక్కన పెట్టుకుని, రెండింటిలోనూ గట్టి ముహూర్తం ఉన్న రోజులు తీసేయండి. ఒక్కదాంట్లోనే ఉన్నవి పెట్టండి. పగటి ముహూర్తమైతే తాళాల రోజు దానికి ముందు రోజని మర్చిపోకండి. పట్టికలో వేయాల్సింది తాళాల రోజే.

ఘడియవిఘడియ:
ఒక్కదాంట్లోనే ఉన్నా గట్టి ముహూర్తమైతే ఆ ఒక్క జనానికే హాలు నిండుతుంది మాస్టారూ. శ్రావణం సంగతి పైన చూశారు కదా.

లెక్కల_మాస్టారు:
ఆ మాటా నిజమే. శ్రావణం తేదీలు విడిగా ఆలోచించుకోమనండి.

పర్లాకిమిడి_కోడలు:
ముగింపు తేదీ మళ్ళీ మర్చిపోయారు. పన్నెండో రోజు భోజనాలకి ఇస్తారా ఇవ్వరా, అది కూడా రాయండి. మధ్య రోజుల్లో అందరికంటే ముందు ఫోను చేసేది వాళ్ళే.

మండపం_పనులు:
ముగింపు తేదీ వేస్తాను. పన్నెండో రోజు సంగతి మావయ్యనడగాలి. పక్కనున్న భోజనశాల ఒక్కటే ఇద్దామని ఆయన, అసలొద్దని అత్తయ్య. అది తేలేదాకా పోస్టు ఆపుతున్నాను.

రాయగడ_రాజు:
మరి డీలర్ల మీటింగు?